ఆదివారం ఇల్లు చూడటానికి

నమస్తే అండీ. నిన్న ఫోన్‌లో అనుకున్నట్టే ఆదివారం నిజాంపేట్ రోడ్డులో మా ఫ్లాట్ చూడొచ్చు. ఉదయం 10:30 నుంచి 12 లోపు ఎప్పుడైనా రండి. ఇప్పుడున్నవాళ్లు ఇంకా ఖాళీ చేయలేదు, ఇంట్లో చంటిబిడ్డ ఉంది. పన్నెండు దాటితే పాపని పడుకోబెడతారు, అందుకే టైం గట్టిగా చెప్తున్నాను.

మెట్రోలో అయితే జేఎన్‌టీయూ స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కండి. గేటు దగ్గర రిజిస్టర్‌లో పేరు, బి బ్లాక్ 304 అని రాయండి, వాచ్‌మన్‌కి ముందే చెప్పి ఉంచాను. బండి బయట గోడ పక్కన పెట్టుకోండి, లోపల విజిటర్స్‌కి పార్కింగ్ లేదు. కాలింగ్ బెల్ కొట్టకుండా తలుపు మెల్లగా తట్టండి.

వంటింటి బాల్కనీ తలుపు వానకి ఉబ్బింది, కాస్త పైకెత్తి నెడితేనే తెరుచుకుంటుంది. మీరు ఇంట్లో దిగేలోపు వడ్రంగిని పిలిపించి బాగు చేయిస్తాను. కుళాయిలు తిప్పి చూడండి, అమ్మగారిని కూడా తీసుకురండి, వంటిల్లు ఆవిడే చూడాలి కదా.

నేను 10:15కల్లా అక్కడుంటాను. దారి తెలియకపోయినా, రావడం కుదరకపోయినా 98765 43210కి ఫోన్ చేయండి. శనివారం రాత్రిలోగా వస్తున్నారో లేదో ఒక్క మెసేజ్ పెడితే ఇంట్లో ఉన్నవాళ్లకి చెప్పేస్తాను.