బుడమేరు వరద వ్యాసం: నీ డ్రాఫ్ట్‌పై నా అభిప్రాయం

డ్రాఫ్ట్ మొత్తం చదివాను. వరద తీశాక విజయవాడ సింగ్‌నగర్ ఇళ్ల గోడల మీద మిగిలిన బురద గీత గురించి రాసిన పేరా అద్భుతం, అందులో ఒక్క మాట కూడా మార్చకు. 2024 సెప్టెంబరు కళ్లకు కట్టింది. భాష కూడా ఎక్కడా బరువుగా లేదు.

చిక్కంతా మూడో పేరాతోనే. బుడమేరు వాగు ఆక్రమణల వల్లే ఊరు మునిగిందన్నావు. రుజువు చూపకుండానే గండ్ల దగ్గరికి వెళ్లిపోయావు. ఆ వెంటనే ప్రకాశం బ్యారేజీకి వచ్చిన 11 లక్షల క్యూసెక్కులు! ఈ మూడింటికీ లంకె ఏది? వెలగలేరు దగ్గర మళ్లించిన బుడమేరు నీళ్లు బ్యారేజీకి ఎగువన కృష్ణలోనే కలుస్తాయి కదా. నదే నిండుగా పారుతుంటే ఆ నీళ్లు పోయేదెక్కడికి? ముందు అది చెప్పు. గండ్లు ఆ తర్వాత, ఆక్రమణలు ఆఖర్న. తప్పంతా ఒక్కదాని మీదికి నెట్టేస్తే సార్ మొదట పట్టుకునేది అక్కడే.

కొల్లేరు పేరా బాగానే ఉంది కానీ ఇక్కడ ఇమడట్లేదు, రెండు వాక్యాలకు కుదించు. ముగింపులో 'మేలుకోండి' లాంటి పిలుపులు తీసెయ్, ఉపన్యాసంలా ఉంది. సోమవారం సబ్మిట్ చేయాలిగా, మూడో పేరా మార్చి ఆదివారం పంపితే ఇంకోసారి చూస్తాను.