సోమవారం నుంచి శనివారం దాకా మూడు బండ్ల ట్రిప్ ఖర్చు, లాగ్‌బుక్‌లు, డీజిల్ బిల్లుల నుంచి తీసింది

సార్, మీరు అడిగిన ట్రిప్ వారీ ఖర్చు రెడీ. బండి 1, బండి 2 లెక్కలు నమ్మి వాడుకోవచ్చు, బండి 3 మాత్రం అంచనా. ఎందుకు అంచనానో కింద రాశాను. ఇందులో ఉన్నది డీజిల్, టోల్, డ్రైవర్ బత్తా అంతే. జీతం, ఇన్సూరెన్స్, టైర్లు, సర్వీసింగ్ ఏవీ కలపలేదు, కాబట్టి ఈ అంకె చూసి కస్టమర్‌కి రేటు చెప్పేయకండి.

డీజిల్ లెక్క ట్యాంక్ ఫుల్ నుంచి ట్యాంక్ ఫుల్ దాకా పట్టాను. బండి 1 ఆదివారం సాయంత్రం ఫుల్ చేసినప్పుడు రీడింగ్ 84,210. శనివారం మళ్లీ ఫుల్ చేసినప్పుడు 84,810. మధ్యలో 600 కిలోమీటర్లు. మంగళవారం బిల్లు 60 లీటర్లు (లీటరు 90 రూపాయలు), శనివారం బిల్లు 90 లీటర్లు (లీటరు 92), మొత్తం 150 లీటర్లు, 13,680 రూపాయలు. అంటే లీటరుకి 4 కిలోమీటర్లు. శనివారం బిల్లు మీద టైమ్ 7:40, లాగ్‌లో ఆఖరి ట్రిప్ ముగిసింది 6:50కి, కాబట్టి ఆ డీజిల్ ఈ వారం తిరుగుడుకే సరిపోయిందని ధైర్యంగా చెప్పొచ్చు. ఈ డ్రైవర్ ప్రతి బిల్లు వెనక రీడింగ్ రాసి ఇస్తున్నాడు, మిగతా ఇద్దరికీ అదే అలవాటు చేయిస్తే నా పని సగం తగ్గుతుంది.

బుధవారం బండి వర్క్‌షాప్‌కి వెళ్లొచ్చింది, 24 కిలోమీటర్లు, లోడ్ లేదు. దాన్ని ఏ ఒక్క ట్రిప్ మీదా వేయకుండా, లోడ్ ట్రిప్పుల 576 కిలోమీటర్ల మీద పంచాను. అలా చేస్తే కిలోమీటరు డీజిల్ 22.80 కాస్తా 23.75 అవుతుంది. ఖాళీగా తిరిగినా డీజిల్ కాలుతుంది కదా, అది ఎక్కడో ఒకచోట కనపడాలి.

| బండి 1 | కి.మీ. | డీజిల్ | టోల్ | బత్తా | మొత్తం | లోడ్ (టన్నులు) | టన్నుకి |
|---|---|---|---|---|---|---|---|
| సోమ | 184 | 4,370 | 320 | 500 | 5,190 | 8 | 648.75 |
| మంగళ | 112 | 2,660 | 0 | 300 | 2,960 | 5 | 592.00 |
| గురు | 184 | 4,370 | 160 | 500 | 5,030 | 4 | 1,257.50 |
| శని | 96 | 2,280 | 0 | 300 | 2,580 | 6 | 430.00 |

మొత్తం 15,760. షీట్‌లో ట్రిప్ ఖర్చుకి పెట్టిన ఫార్ములా ఇది. E కిలోమీటర్లు, F టోల్, G బత్తా, K1లో కిలోమీటరు డీజిల్ రేటు. రేటు మారితే K1 ఒక్కటి మార్చండి.

```
=ROUND(E2*$K$1+F2+G2,2)
```

గురువారం ట్రిప్ దగ్గర ఒక నిమిషం ఆగండి. సోమవారం వెళ్లిన రూటే, అన్నే కిలోమీటర్లు, పైగా మొత్తం ఖర్చు చూస్తే 160 రూపాయలు తక్కువే, కాబట్టి పైపైన చూస్తే బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఎత్తింది 4 టన్నులే, అందుకని టన్ను ఖర్చు దాదాపు రెట్టింపు అయింది. సగం లోడ్‌తో ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో లాగ్‌లో రాయలేదు. అర్జంట్ ఆర్డరా, లేక గోడౌన్‌లో సరుకు రెడీ కాలేదా, అది మీరు డిస్పాచ్ వాళ్లని అడిగితేనే తెలుస్తుంది. నన్నడిగితే ఈ వారం మొత్తంలో డబ్బు పోయింది ఇక్కడే, డీజిల్ ధరలో కాదు. ఆ 160 తగ్గడం కూడా నిజమైన ఆదా కాదు, తిరుగు టోల్ రసీదు రాలేదు. వెళ్లేటప్పటి రసీదు మాత్రమే ఉంది కాబట్టి అదే వేశాను, రసీదు దొరికితే ట్రిప్ 5,190, టన్నుకి 1,297.50 అవుతుంది. అదే రోజు పంక్చర్ బిల్లు 250 కూడా ఉంది, దాన్ని ట్రిప్‌లో కలపకుండా బండి మెయింటెనెన్స్‌లో పెట్టాను. మేకు గుచ్చుకున్నది ఆ రోజు ఆ రూట్‌లోనే అయినా, దానికీ ఆ సరుకుకీ సంబంధం లేదు.

బండి 2లో రెండు చిక్కులొచ్చాయి. బుధవారం ముగింపు రీడింగ్ 51,863 అని రాసి ఉంది. ఆ లెక్కన ఒక్క ట్రిప్‌కి 273 కిలోమీటర్లు, అది జరిగే పని కాదు. గురువారం స్టార్టింగ్ చూస్తే 51,683, అంటే అంకెలు అటూ ఇటూ పడ్డాయి. 93 కిలోమీటర్లుగా సరిచేశాను, పుస్తకంలో మాత్రం కొట్టివేయలేదు, పక్కన పెన్సిల్‌తో రాసి డ్రైవర్ సంతకం కోసం ఉంచాను.

రెండోది మంగళవారం డీజిల్ బిల్లు. 16 లీటర్లది ఒరిజినల్ ఒకటి, అదే బిల్లు ఫోన్‌లో ఫొటో తీసి ప్రింట్ చేసింది ఇంకొకటి, ఇద్దరు వేర్వేరుగా ఇచ్చారు. బిల్లు నంబరు, టైమ్ రెండూ ఒకటే. కావాలని చేశారనుకోను, ఆ కాగితం మీద అచ్చు నాలుగు రోజులకే చెరిగిపోతుందని ఎవరో ముందుజాగ్రత్తగా ఫొటో తీసి ఉంటారు. కానీ రెండూ కలిపితే కిలోమీటరు 7.60 ఉండాల్సింది 10.60 అయిపోయేది, బండికి మైలేజ్ పడిపోయిందని అనవసరంగా మెకానిక్ దగ్గరికి పంపేవాళ్లం. బిల్లు నంబరు కాలమ్‌లో డూప్లికేట్ వస్తే ఎరుపు రంగు వచ్చేలా పెట్టాను.

సరిచేశాక బండి 2: 480 కిలోమీటర్లు, 40 లీటర్లు, 3,648 రూపాయల డీజిల్, లీటరుకి 12. టోల్ లేదు, బత్తా రోజుకి 200. ట్రిప్ ఖర్చులు సోమవారం 929.60 (96 కి.మీ.), మంగళవారం 899.20 (92), బుధవారం 906.80 (93), గురువారం 922 (95), శుక్రవారం 990.40 (104). మొత్తం 4,648. ఈ లాగ్‌లో ఖాళీ తిరుగుడు ఒక్క కిలోమీటరు కూడా రాయలేదు, అంటే బంక్‌కి వెళ్లిరావడం కూడా ట్రిప్పుల్లోనే కలిసిపోయింది. శుక్రవారం ఇద్దరు కస్టమర్లకి ఒకే ట్రిప్‌లో దింపారు, ఎవరికెంత బరువో లేదు కాబట్టి విడదీయలేదు.

ఇక బండి 3. రెండుసార్లూ "రెండు వేలకి కొట్టు", "పదిహేను వందలకి కొట్టు" అన్నట్టు పోయించారు, ట్యాంక్ ఒక్కసారీ ఫుల్ చేయలేదు. బిల్లుల ప్రకారం 22.22, 16.30, మొత్తం 38.52 లీటర్లు. తిరిగింది 290 కిలోమీటర్లు. భాగిస్తే 7.53 వస్తుంది కానీ అది మైలేజ్ కాదు, సోమవారం ట్యాంక్‌లో ఎంత ఉందో, ఇప్పుడు ఎంత మిగిలిందో తెలియకుండా ఆ అంకెకి అర్థం లేదు. అందుకని ఇదే బండి గత నెల ఫుల్ ట్యాంక్ లెక్కలో వచ్చిన 10 పట్టుకుని వేశాను: 29 లీటర్లు, సగటు ధర 90.86తో సుమారు 2,635 రూపాయలు. బత్తా 300 చొప్పున కలిపితే మంగళవారం ట్రిప్ (140 కి.మీ.) 1,572, శుక్రవారం ట్రిప్ (150 కి.మీ.) 1,663. ఈ అంచనా నిజమైతే సోమవారం ఉన్నదాని మీద సుమారు 9.5 లీటర్లు ఎక్కువ ట్యాంక్‌లో ఉండాలి. రేపు పొద్దున బండి కదలకముందు ఫుల్ చేయించి బిల్లు, రీడింగ్ పంపమనండి, అక్కడి నుంచి వచ్చే వారం లెక్క గట్టిగా నిలబడుతుంది.

మీ వైపు నుంచి కావాల్సినవి: గురువారం తిరుగు టోల్ రసీదు, బండి 2 లాగ్‌లో సంతకం, శుక్రవారం ఇద్దరు కస్టమర్ల బరువులు. బుధవారం లోపు వస్తే షీట్ మార్చి అకౌంట్స్‌కి పంపేస్తాను, రాకపోతే ఇవే అంకెలు వెళ్తాయి, పక్కన "రసీదు లేదు" అని రాసి.