గృహ రుణ వాయిదాల పట్టిక: వడ్డీ, అసలు విభజన, ముందస్తు చెల్లింపుతో వచ్చే తేడా

చి॥ల॥సౌ॥ అమ్మాయికి, చి॥ అల్లుడు గారికి ఆశీస్సులు.

మొన్న ఫోనులో అమ్మాయి అడిగిన ప్రశ్నకు నోటిమాటగా జవాబు చెబితే సరిపోదనిపించి ఈ పట్టిక వేసి పంపుతున్నాను. ఏడాదిలో 3,10,140 రూపాయలు కట్టినా అప్పు 60 వేలే తగ్గడం చూసి బ్యాంకు లెక్క తప్పిందేమోనన్న అనుమానం మీకు వచ్చింది. లెక్క తప్పలేదు. రుణాల విభాగంలో పని చేసినన్నాళ్లూ మొదటి ఏడాది స్టేట్‌మెంటు చేతికి రాగానే ఇదే ప్రశ్నతో కౌంటరు దగ్గరికి వచ్చినవాళ్లను ఎందరినో చూశాను.

మీ అప్పు 30,00,000 రూపాయలు, వడ్డీ ఏడాదికి 8.4 శాతం, గడువు 240 నెలలు. మొత్తం సొమ్ము 1 ఏప్రిల్ 2025న ఒకేసారి విడుదలైంది కాబట్టి మొదటి వాయిదా 1 మే 2025న పడింది. నెలవారీ వడ్డీ 0.7 శాతం అవుతుంది. సమాన వాయిదా లెక్కగట్టే సూత్రం ఇది:

```
EMI = P × r × (1+r)^n ÷ ((1+r)^n − 1)
P = 3000000, r = 0.007, n = 240
EMI = 25845
```

ప్రతి నెలా అప్పటికి మిగిలిన బాకీ మీద 0.7 శాతం వడ్డీ లెక్కించి, దాన్ని 25,845లోంచి ముందుగా తీసుకుని, మిగిలినది మాత్రమే అసలుకు జమ చేస్తారు. అసలు తగ్గినకొద్దీ మరుసటి నెల వడ్డీ తగ్గుతుంది, ఆ తగ్గినంత మేరా అసలు వాటా పెరుగుతుంది. 240 వరుసలూ రాస్తే కాగితాలు నిండుతాయే తప్ప ప్రయోజనం లేదు కనుక చూడవలసిన వరుసలే ఇస్తున్నాను. పైసలను రూపాయికి సవరించాను.

| వాయిదా | తేదీ | వడ్డీ | అసలు | మిగిలిన బాకీ |
|---|---|---|---|---|
| 1 | 1 మే 2025 | 21,000 | 4,845 | 29,95,155 |
| 2 | 1 జూన్ 2025 | 20,966 | 4,879 | 29,90,276 |
| 3 | 1 జూలై 2025 | 20,932 | 4,913 | 29,85,363 |
| 12 | 1 ఏప్రిల్ 2026 | 20,614 | 5,231 | 29,39,569 |
| 24 | 1 ఏప్రిల్ 2027 | 20,157 | 5,688 | 28,73,861 |
| 60 | 1 ఏప్రిల్ 2030 | 18,533 | 7,312 | 26,40,268 |
| 120 | 1 ఏప్రిల్ 2035 | 14,733 | 11,112 | 20,93,571 |
| 142 | 1 ఫిబ్రవరి 2037 | 12,890 | 12,955 | 18,28,423 |
| 180 | 1 ఏప్రిల్ 2040 | 8,957 | 16,888 | 12,62,735 |
| 240 | 1 ఏప్రిల్ 2045 | 180 | 25,749 | 0 |

వాయిదాను పూర్తి రూపాయలకు కుదించినందువల్ల చివరి నెలలో సుమారు 84 రూపాయలు అదనంగా పడతాయి. కొన్ని బ్యాంకులు రోజువారీ బాకీ మీద వడ్డీ లెక్కిస్తాయి కనుక మీ స్టేట్‌మెంటుకూ దీనికీ నెలకు కొంత తేడా కనిపించవచ్చు, దానికి కంగారు పడవద్దు. ఇరవై ఏళ్లలో మీరు కట్టేది మొత్తం 62,02,884 రూపాయలు, అందులో వడ్డీయే 32,02,884. సరిగ్గా సగం కాలం గడిచేసరికి కూడా దాదాపు 70 శాతం అప్పు అలాగే ఉంటుంది. వడ్డీ కంటే అసలు వాటా ఎక్కువయ్యేది 142వ వాయిదాలో, అంటే పన్నెండో ఏడాదిలో.

ఇప్పుడు మొదటి మూడు వరుసలను కాస్త నిదానంగా చూడండి. మొదటి వాయిదాతోపాటు అదనంగా 4,879 రూపాయలు కట్టి ఉంటే బాకీ అప్పుడే 29,90,276కు దిగేది. అది రెండో వరుస చివర ఉన్న అంకె. అంటే ఆ రెండో వరుస పట్టికలోంచి పూర్తిగా ఎగిరిపోయి, దానిలోని 20,966 రూపాయల వడ్డీ మీరు ఎన్నటికీ కట్టనవసరం ఉండేది కాదు. ఆ లాభం వెంటనే చేతికి రాదు, చివర్లో ఒక నెల ముందుగా అప్పు తీరడం రూపంలో వస్తుంది. ముందస్తు చెల్లింపు చేసే పనంతా ఇదే.

వచ్చే మార్చిలో చీటీ డబ్బు మూడు లక్షలు వస్తుందన్నారు కదా, దాన్ని 1 ఏప్రిల్ 2027న 24వ వాయిదాతో కలిపి కడితే బాకీ 28,73,861 నుంచి 25,73,861కి దిగుతుంది. అక్కడి నుంచి రెండు దారులు ఉన్నాయి. వాయిదాను 25,845గానే ఉంచితే ఇంకా 171 పూర్తి వాయిదాలూ, ఆపైన సుమారు 5,880 రూపాయల చిన్న వాయిదా ఒకటీ కట్టి ఆగస్టు 2041లో అప్పు తీర్చేస్తారు. 240 వాయిదాలకు బదులు 196తో ముగుస్తుంది, వడ్డీలో మిగిలేది సుమారు 8,57,000 రూపాయలు. అలాకాక గడువును 2045 వరకు ఉంచి వాయిదాను తగ్గించమంటే అది 23,147కు దిగి నెలకు 2,698 రూపాయల వెసులుబాటు దొరుకుతుంది, కానీ మొత్తం మీద మిగిలే వడ్డీ సుమారు 2,83,000 మాత్రమే. ఇద్దరి జీతాలూ నిలకడగా ఉన్నన్నాళ్లు మొదటి దారే మేలని నా అభిప్రాయం. ఒక జీతం ఆగే పరిస్థితి కనిపిస్తే రెండోది ఎంచుకోవడంలో తప్పేమీ లేదు.

అదే మూడు లక్షలను అప్పు మొదలైన పదేళ్లకు, 120వ వాయిదాతో కడితే గడువులో 24 నెలలు తగ్గుతాయి, మిగిలే వడ్డీ సుమారు 3,37,000. ఇప్పుడు కడితే వచ్చే లాభంలో అది సగం కూడా కాదు. అలాగని ఆ డబ్బును డిపాజిట్‌లో ఉంచి తర్వాత చూద్దామనుకుంటే, అప్పు తీర్చడం వల్ల 8.4 శాతం మిగులుతుందనీ, ఆ మిగులు మీద పన్ను ఉండదనీ, డిపాజిట్ వడ్డీ మీద మాత్రం పన్ను పడుతుందనీ గుర్తుంచుకోండి. అల్లుడు గారు పాత పన్ను విధానంలో ఉన్నట్లయితే సొంతంగా ఉంటున్న ఇంటి రుణ వడ్డీకి ఏడాదికి 2 లక్షల వరకే మినహాయింపు ఉంది. మొదటి పన్నెండు వాయిదాల్లోనే 2,49,709 రూపాయలు వడ్డీగా పోయాయి కాబట్టి, మినహాయింపు తగ్గిపోతుందన్న భయంతో ముందస్తు చెల్లింపు మానుకోవలసిన పని ప్రస్తుతానికి లేదు. ఆరు నెలల ఇంటి ఖర్చును మాత్రం ముట్టుకోకుండా పక్కన ఉంచి, ఆపైన మిగిలినదే కట్టండి. అప్పులోకి వేసిన డబ్బు అవసరానికి అంత సులువుగా వెనక్కి రాదు.

మీది ఫ్లోటింగ్ రేటు కనుక, వ్యక్తులు తీసుకున్న ఇలాంటి గృహ రుణాల మీద బ్యాంకులు ముందస్తు చెల్లింపు జరిమానా వసూలు చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2012లోనే ఆదేశించింది. ఇదే ఫ్లోటింగ్ రేటు వల్ల రేటు మారినప్పుడల్లా పై పట్టిక మారుతుంది. రేటు పెరిగినప్పుడు చాలా చోట్ల వాయిదాను కదపకుండా గడువును పొడిగిస్తారు, నెలనెలా పోయేది అంతే కాబట్టి ఎవరూ గమనించరు. వాయిదా పెంచాలా, గడువు పెంచాలా అన్న ఎంపికను రుణం తీసుకున్నవారికి ఇవ్వాలని ఆగస్టు 2023లో రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఆ సందేశం వచ్చినప్పుడు చదవకుండా వదిలేయకండి.

ఇక శాఖలో ఇవ్వవలసిన కాగితం. యాప్‌లో డబ్బు వేసేసి ఊరుకుంటే కొన్నిసార్లు దాన్ని ముందుగా కట్టిన వాయిదాలుగా జమ చేసుకోవడమో, అడగకుండానే వాయిదా తగ్గించడమో జరుగుతుంది. అందుకని ఈ మాటలే రాసి, అందినట్లు ముద్ర వేయించుకోండి: "మా గృహ రుణ ఖాతాలో ఈ రోజు చెల్లించిన 3,00,000 రూపాయలను పూర్తిగా అసలుకు జమ చేసి, నెలవారీ వాయిదాను 25,845గానే ఉంచి, గడువును తగ్గించి, సవరించిన వాయిదాల పట్టికను ఇప్పించగలరు."

కొత్త పట్టిక చేతికి వచ్చాక, రేటు అప్పటికీ 8.4 శాతమే ఉంటే 1 మే 2027 వరుసలో వడ్డీ 18,017, అసలు 7,828 ఉండాలి. వడ్డీ గడిలో ఇంకా 20,117 కనిపిస్తే మీ మూడు లక్షలు అసలులోకి చేరలేదన్నమాట, ఆ కాగితం పట్టుకుని అదే రోజు శాఖకు వెళ్లండి.

ఇట్లు,
నాన్న