మెట్లకూ లిఫ్టుకూ అగ్ని బీమా: సర్వసభ్య సమావేశంలో కోశాధికారి ప్రసంగం

అధ్యక్షుల వారికి, బైరాగిపట్టెడలో మన 36 ఫ్లాట్ల అన్నలకు, అక్కలకు, పెద్దలకు నమస్కారం.

మన ఉమ్మడి భాగాలకు అగ్ని బీమా చేయిద్దామంటే, "బ్యాంకు లోను ఇచ్చినప్పుడే ఇన్సూరెన్స్ కట్టించింది కదా" అని చాలామంది అడుగుతున్నారు. ఆ పాలసీ కాగితం తీసి చూడండి, అందులో మీ ఫ్లాటు నంబరే ఉంటుంది. స్టిల్టు, మెట్లు, మోటార్ల గది, జనరేటరు, లిఫ్టు ఎవరి పాలసీలోనూ లేవు. అవి కాలితే ఖర్చు 36 ఇళ్ళూ పంచుకోవాల్సిందే. లిఫ్టుకు ఏఎంసీ ఉందంటారా? అది అరుగుదలకు, మరమ్మతులకు. మంటకు కాదు.

మన మీటర్ల బోర్డు కిందే స్కూటర్లు పెడుతున్నాం. ఎండాకాలం ఏసీలన్నీ ఒక్కసారిగా నడిస్తే వదులైన కనెక్షను వేడెక్కుతుంది. అక్కడ అంటుకుంటే లిఫ్టు బావి పొగగొట్టంలా పనిచేసి పొగనూ వేడినీ అయిదో అంతస్తు దాకా లాగుతుంది. ఆర్పిన నీళ్ళన్నీ లిఫ్టు గుంతలోకే దిగుతాయి. పైన కంట్రోలరు, కింద గుంత, రెండూ పోతాయి.

ఎంతకు చేయాలన్నది ముఖ్యం. స్థలం ధర కలపకూడదు, మళ్ళీ కట్టే ఖర్చే లెక్క. ఉమ్మడి భాగం 9,000 చదరపు అడుగులు, అడుగుకు 2,000 చొప్పున 1.80 కోట్లు. లిఫ్టు 15 లక్షలు, జనరేటరు, పంపులు, ప్యానెళ్ళు 10 లక్షలు. మొత్తం 2.05 కోట్లు. ప్రీమియం తగ్గుతుందని సగానికే చేస్తే, బీమా ఎంత తక్కువైతే క్లెయిమూ అదే నిష్పత్తిలో తగ్గించే సగటు నిబంధన వర్తించే పాలసీలో 20 లక్షల నష్టానికి 10 లక్షలే చేతికొస్తాయి. దయచేసి ఆ పొరపాటు చేయొద్దు.

ఇంకో మెలిక ఉంది. షార్ట్ సర్క్యూట్‌తో కాలిన ఆ ప్యానెల్‌కే మామూలు అగ్ని పాలసీ డబ్బు ఇవ్వదు. అక్కడినుంచి పాకి కాలిన వాటికి ఇస్తుంది. అందుకే లిఫ్టు వరకు మెషినరీ బ్రేక్‌డౌన్ పాలసీ కూడా అడిగాం. వచ్చిన కొటేషన్లలో అగ్ని బీమాకు 14,400, లిఫ్టుకు 7,200. ఫ్లాటుకు ఏడాదికి 600, అంటే నెలకు 50 రూపాయలు.

పాలసీ అధ్యక్షుల పేరు మీద కాదు, అసోసియేషన్ పేరు మీదే ఉండాలి. ప్రీమియం కంపెనీకి చేరకముందు జరిగిన నష్టానికి బాధ్యత ఉండదు కాబట్టి ఏటా పాలసీ ముగిసేలోపే రెన్యూవల్ కట్టాలి. లిఫ్టు బిల్లు, ఏఎంసీ కాగితాలు, ఫోటోలు స్కాన్ చేసి ఇద్దరు సభ్యుల దగ్గర ఉంచుదాం. ప్రమాదం జరిగితే ముందు 101కి ఫోను, వెంటనే కంపెనీకి కబురు. సర్వేయర్ చూసేదాకా కాలిన సామాను ఊడ్చేయకూడదు. క్లెయిమ్ చిక్కుల్లో పడేది అక్కడే.

తీర్మానం ఇది: 2.05 కోట్లకు అగ్ని బీమా, లిఫ్టుకు బ్రేక్‌డౌన్ పాలసీ, ఫ్లాటుకు 600 రూపాయలు ఈ నెల మెయింటెనెన్స్‌తో పాటే. మీటర్ల బోర్డు కింది స్కూటర్లు రేపటినుంచి అవతలి గోడ పక్కకు. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి.