విషయం: పని వేళల్లో కొంత వెసులుబాటు, సందడి తక్కువ ఉన్న చోట సీటు కోసం వినతి

మేడమ్ గారికి నమస్కారం.

ఈ మాట మీతో నేరుగా చెప్పాలని రెండుసార్లు మీ గది దాకా వచ్చి, నోరు పెగలక వెనక్కి వెళ్లిపోయాను. అందుకే రాస్తున్నాను.

నాకు యాంగ్జైటీ సమస్య ఉంది. ఏడాదిగా ఇబ్బంది పడుతున్నా, డాక్టరుకు చూపించుకున్నది రెండు నెలల క్రితమే. పని ఎక్కువైనప్పుడు అందరికీ వచ్చే టెన్షన్ వేరు, ఇది వేరు. కారణమేమీ లేకుండానే గుండె దడదడలాడుతుంది, అరచేతులు చల్లబడి చెమటలు పడతాయి, ఊపిరి అందదు. పోయిన నెలాఖరున మీరు బిల్లుల ఫైలు అడిగినప్పుడు నేను సీట్లో లేను, గుర్తుందా? మెట్ల దగ్గర రెయిలింగ్ పట్టుకుని నిలబడి, ఊపిరి లెక్కపెట్టుకుంటున్నాను. పది నిమిషాలకు దడ తగ్గింది కానీ, ఆ తర్వాత గంటసేపు స్క్రీన్ మీద అంకెలు కనిపిస్తున్నా ఒక్కటీ బుర్రకెక్కలేదు. టీకి వెళ్లానని మీతో చెప్పాను. అది నిజం కాదు, క్షమించండి.

ఇప్పుడు మందులు వాడుతున్నాను, కౌన్సెలింగ్ కూడా మొదలైంది. మందు పూర్తిగా పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని డాక్టరు చెప్పారు. ఈలోగా మీ సాయం రెండు విషయాల్లో కావాలి.

మొదటిది నా సీటు. పక్కనే ప్రింటర్, వెనకాలే తలుపు. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఉలిక్కిపడుతున్నాను, కూడుతున్న లెక్క మళ్లీ మొదటికొస్తోంది. రికార్డుల గది పక్కన గోడ వైపు ఒక టేబుల్ ఖాళీగా ఉంది. వెనక గోడ ఉంటే నాకు సగం బెదురు తగ్గుతుంది. అక్కడ కూర్చోనిస్తారా?

రెండోది పని వేళలు. రాత్రి నిద్ర సరిగ్గా పట్టక, కొత్త మందు వల్ల పొద్దున్నే మత్తుగా, వికారంగా ఉంటోంది. తొమ్మిదికి బదులు పదిన్నరకు వచ్చి, సాయంత్రం ఆ గంటన్నర ఉండి పని పూర్తి చేస్తాను. గురువారం మాత్రం కౌన్సెలింగ్ ఉంది కాబట్టి నాలుగింటికే వెళ్లాలి. ఆ తగ్గిన గంటలు మిగతా రోజుల్లో సర్దుకుంటాను. సోమవారం పదింటి మీటింగ్‌కు ఎప్పటిలాగే వస్తాను, నెలాఖరు లెక్కలు నా బాధ్యతే. పని తగ్గించమని అడగడం లేదు. ఈ పని నాకు ఇష్టం, దాన్ని బాగా చేయగలిగే స్థితిలో ఉండాలన్నదే నా ఆరాటం.

మూడు నెలలు ఇలా చేసి చూద్దాం. మధ్యలో టీమ్‌కు ఇబ్బందిగా అనిపిస్తే చెప్పండి, వేళలు మళ్లీ మాట్లాడుకుందాం. డాక్టరు ఇచ్చిన లెటర్ దీంతో జత చేశాను. హెచ్‌ఆర్‌కు తెలియాలంటే తెలియనివ్వండి. టీమ్‌లో వాళ్లకు మాత్రం వేళలు మారాయని చెబితే చాలు, కారణం నేనే వీలు చూసుకుని చెబుతాను.

బుధవారం మధ్యాహ్నం మీకు వీలైతే పది నిమిషాలు మాట్లాడదాం. ఈసారి తప్పకుండా లోపలికి వస్తాను.

ఇట్లు,
మాధవి
అకౌంట్స్ విభాగం