బుజ్జి లెక్కల గురించి మాస్టారికి

మాస్టారూ, నమస్కారం.

ఈ నెల ఫీజుతో పాటు ఈ చీటీ కూడా బుజ్జి వాళ్ళ నాన్నగారి చేత పంపిస్తున్నాను. గేటు దగ్గర నిలబడి చెప్పే మాట కాదని రాస్తున్నాను.

మొన్న యూనిట్ టెస్ట్‌లో దానికి లెక్కల్లో 25కి 6 వచ్చాయి. మార్కుల కోసం కాదండీ ఈ ఉత్తరం. ఆ రాత్రి ట్యూషన్ నోట్సు తీసి చూశాను. భిన్నాల లెక్కలన్నీ కరెక్టే. ఎక్కడా కొట్టివేత లేదు, రబ్బరుతో చెరిపిన మరక కూడా లేదు. లెక్కలు రాని పిల్ల నోట్సు అంత శుభ్రంగా ఉండేసరికి నాకు భయమేసింది. అందులోని లెక్కే అంకెలు మార్చి 1/2 + 1/3 అని ఇచ్చాను. టకీమని 2/5 రాసేసింది. లవానికి లవం, హారానికి హారం కలిపేసిందన్నమాట.

అప్పుడే చపాతీలు చేసి పెట్టాను. ఒకదాంట్లో సగం, ఇంకోదాంట్లో మూడో వంతు కోసి ఒక పళ్ళెంలో పెట్టాను. మరోటి ఐదు ముక్కలు చేసి, రెండు ముక్కలు పక్కన పెట్టాను. అటూ ఇటూ చూసి, "కలిపితే సగం కన్నా తగ్గిపోయిందేంటమ్మా?" అంది. ఏడో తరగతికి వచ్చాక లెక్కల్లో అది తనంతట తను ప్రశ్న అడగడం ఇదే మొదటిసారి. ముక్కలన్నీ ఒకే సైజుకి తెచ్చుకుంటేనే కలపగలం అన్నాను కానీ, దానికీ క.సా.గు.కీ సంబంధం ఏంటో విడమరిచి చెప్పడం నాకు చేతకాలేదు. అక్కడి నుంచి మీరే అందుకోవాలి.

తప్పు మీదని అనట్లేదండీ. జూన్‌లో చేర్పించినప్పుడు "హోంవర్క్ మొత్తం అయిపోయాకే ఇంటికి పంపండి" అన్నది నేనే. పాతికమంది పిల్లల్లో అది కుదరాలంటే జవాబులు బోర్డు మీద రాసేయక ఏం చేస్తారు? ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. రోజుకి రెండే లెక్కలు చేయించినా చాలు. తప్పు చేస్తే చేయనివ్వండి, కాసేపు దాన్ని తంటాలు పడనివ్వండి. పెన్ను తీసుకుని మీరు మాత్రం రాయకండి. మిగిలిపోయిన హోంవర్క్ గురించి స్కూల్ డైరీలో నేను రాసి పంపుతాను.

ఇంకో మాట. "అర్థమైందా?" అంటే అది ఎప్పుడూ తలూపేస్తుంది. నలుగురి ముందు కాలేదని చెప్పడానికి సిగ్గు. అలా అడిగే బదులు, ఆ లెక్క మీకే తిరిగి చెప్పమనండి. ఎక్కడ ఆగిపోతుందో అక్కడే తెలిసిపోతుంది. మూడు, నాలుగు తరగతుల పాఠం దాకా వెనక్కి వెళ్ళాల్సి వచ్చినా పర్వాలేదు. హాఫ్ ఇయర్లీలో మార్కులు పెరగకపోయినా మిమ్మల్ని అడగను. వాళ్ళ నాన్నగారికి కూడా చెప్పాను, ఒప్పుకున్నారు. అందరూ వెళ్ళాక ఓ పావుగంట దాన్ని కూర్చోబెట్టుకోగలిగితే, నేనే వచ్చి తీసుకెళ్తాను. దానికి ఎంత ఇవ్వాలో మొహమాటం లేకుండా చెప్పండి.

ఈ చీటీ సంగతి బుజ్జికి తెలియదు. దాని ముందు ఎత్తకండి.

ఉంటాను,
బుజ్జి వాళ్ళ అమ్మ