చెల్లెలి కోసం

కింగ్ జార్జి ఆసుపత్రి ఎదుట వరుసగా ఉన్న మందుల దుకాణాల్లో సాయంత్రం ఆరు గంటలకు ఏ ఒక్కటీ ఖాళీగా ఉండదు. ఆ సంగతి తెలిసే అప్పలరాజు అక్కడికి వచ్చాడు. అంత రద్దీలో తన ముఖం ఎవరికీ గుర్తుండదని అతని లెక్క. సెలైన్ సీసాలకూ, ఇన్సులిన్‌కూ, కుట్లు వేసే దారానికీ చీటీలు పట్టుకుని నిలబడ్డవారి మధ్య ముఖానికి పూసుకునే క్రీము అడగవలసి వస్తుందన్న విషయం మాత్రం ఆ లెక్కలోకి రాలేదు. తన వంతు రాగానే పక్కకు జరిగి వెనకవారికి దారి ఇవ్వడం అప్పటికి మూడుసార్లు అయింది. నాలుగోసారి, భుజాన తువ్వాలు వేసుకున్న ఒక పెద్దాయన ముందుకు వెళ్లడానికి ఒప్పుకోలేదు.

"నువ్వెళ్లు బాబూ. ఇందాకట్నుంచి చూస్తున్నాను, అందర్నీ పంపించేస్తున్నావు."

కౌంటరు వెనక ఉన్న ఆమెకు నలభై అయిదేళ్లు ఉంటాయి. తెల్లకోటు జేబులో రెండు పెన్నులు, కళ్లద్దాల మీద అలసట. "చీటీ ఇవ్వండి" అంటూ చెయ్యి చాచింది.

"చీటీ లేదండీ. ముఖానికి రాసుకునేది కావాలి. చర్మం పొడిబారితే..." అని ఆగి, తానే ఊహించని వేగంతో, "మా చెల్లెలికి" అన్నాడు.

అతనికి చెల్లెళ్లు లేరు. ఓడరేవు దగ్గర లారీలను తూచే కాటాలో రెండేళ్లుగా రాత్రిపూట గుమస్తాగా పనిచేస్తున్నాడు. బొగ్గులారీ వచ్చిన ప్రతిసారీ గదిలోకి వచ్చే నల్లటి దుమ్మును వదిలించుకోవడానికి ఒంటిసబ్బుతో రాత్రికి అయిదారుసార్లు ముఖం కడుక్కునేవాడు. పాతనగరంలో అతను అద్దెకున్న గదిలోనూ అంతే. ఉదయం తుడిచిన కిటికీ చట్రం మీద సాయంత్రానికి వేలితో పేరు రాయవచ్చు. ఆ దుమ్ము పోయిందో లేదో గాని, కడిగిన కొద్దీ బుగ్గలు బిగుసుకుపోయి, ఈ మధ్య ముక్కుకు రెండు పక్కలా పాత గోడ సున్నంలా పెచ్చులు లేవడం మొదలయింది. కాటాలో లారీ డ్రైవర్లెవరూ అతని ముఖాన్ని పట్టించుకోలేదు. అయితే మర్నాడు ఉదయం పదిన్నరకు బీచ్‌రోడ్డులోని ఒక హోటల్లో ఇంటర్వ్యూ. వచ్చినవారిని నిలబడి పలకరించే ఫ్రంట్ ఆఫీసు ఉద్యోగం అది. ముఖమే మొదటి దరఖాస్తు.

"మీ చెల్లెలి ముఖం జిడ్డుగా ఉంటుందా, పొడిగా ఉంటుందా?"

"నుదురు జిడ్డుగా ఉంటుందండీ. బుగ్గలు పొట్టు లేస్తున్నాయి."

"మంట ఉంటుందా?"

"బాగా."

"ఎప్పుడు ఎక్కువ?"

"గడ్డం గీసుకున్నాక" అన్నాడు అప్పలరాజు.

వెనకనున్న పెద్దాయన దగ్గాడు. అది దగ్గేనని ప్రమాణం చేయడం కష్టం. అప్పలరాజు చెవుల దాకా ఎర్రబడి గాజుపలక కింద పరిచిన దగ్గుమందు ప్రకటనను చదవడంలో మునిగిపోయాడు. ఆమె మాత్రం నవ్వలేదు, కనుబొమ కూడా ఎత్తలేదు. కంప్యూటరు మీద ఏదో నొక్కుతూ, అదే గొంతుతో, "గీసుకున్నాక ఘాటైన లోషన్ ఏదైనా పూసుకుంటుందా మీ చెల్లెలు?" అని అడిగింది.

"అవునండీ" అన్నాడతను, ఇక వేరే దారి లేక.

"మానెయ్యమనండి. అందులో ఉండే స్పిరిటు పగిలిన చర్మం మీద పడితే మండక ఏం చేస్తుంది? ఒంటిసబ్బు కూడా ముఖానికి వద్దు. మన చర్మానికి కొద్దిపాటి ఆమ్లగుణం ఉంటుంది, సబ్బుకు క్షారగుణం. కడిగినప్పుడల్లా మురికితో పాటు చర్మం తనకోసం దాచుకున్న నూనె కూడా పోతుంది."

అప్పలరాజు జేబులోంచి ఫోను తీసి, గదిలో తనతో ఉంటున్న కుర్రాడు పంపిన ఫోటో చూపించాడు. సగం నొక్కేసిన ఒక ట్యూబు. అది పూస్తే మూడు రోజుల్లో ముఖం తేటపడుతుందని ఆ కుర్రాడు ప్రమాణం చేసి చెప్పాడు. ఆమె కళ్లద్దాలు పైకి జరుపుకుని చూసి ఫోను వెనక్కి ఇచ్చేసింది.

"ఇది ఇవ్వను. ఇందులో స్టెరాయిడ్ ఉంది. 2018లోనే ఇలాంటి పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. మొదట్లో తేటపడినట్టే ఉంటుంది. వాడగా వాడగా చర్మం పలచబడుతుంది, మొటిమలు లేస్తాయి, మానేస్తే ఎర్రగా మండుతుంది. ఇది రాసుకుంటున్నవాళ్లెవరైనా ఉంటే పైన ఓపీలో చర్మం డాక్టరుకు చూపించుకోమనండి."

ఆ తరువాత ఆమె మూడు డబ్బాలు కౌంటరు మీద పెట్టింది. మొదటిదాని మీద కండలు తిరిగిన మగవాడి బొమ్మ ఉంది. అప్పలరాజు చెయ్యి సహజంగా అటే వెళ్లింది. మూత తెరవకుండానే వాసన వచ్చేటంత సువాసన దానికి. రెండోది వెడల్పాటి సీసా, రెండువందల ఎనభై రూపాయలు. మూడోది బొమ్మా రంగూ లేని తెల్లటి చిన్న ట్యూబు, తొంభై అయిదు రూపాయలు. అతని జేబులో రెండువందలే ఉన్నాయి. అందులో సర్టిఫికెట్ల జిరాక్సులకూ, రేపటి బస్సుకూ పోగా మిగిలేది ఎంతో లెక్కవేసుకుంటూ బొమ్మ ఉన్న డబ్బానూ తెల్ల ట్యూబునూ మార్చి మార్చి చూశాడు.

"వెనకాల చదవండి" అంది ఆమె. "ఏది ఎక్కువ ఉంటే దాని పేరు ముందు రాస్తారు. ఈ ట్యూబులో నీళ్ల తరవాత గ్లిసరిన్. అది నీటిని పట్టి ఉంచుతుంది. తక్కినవి ఆ తడి ఆరిపోకుండా పైన కప్పుతాయి. సువాసన లేదు. మగవాళ్ల చర్మమనీ ఆడవాళ్ల చర్మమనీ ఈ ట్యూబుకు తెలియదు."

చివరి మాట అన్నప్పుడు కూడా ఆమె అతని వైపు చూడకపోవడాన్ని అప్పలరాజు గమనించాడు. బొమ్మ ఉన్న డబ్బాను వేలి కొనతో వెనక్కి నెట్టి తెల్ల ట్యూబు తీసుకున్నాడు.

"ఎంత రాసుకో... రాసుకోమనాలండీ?"

"శనగగింజంత. ఎక్కువ పూస్తే మన ఊరి ఉక్కకు ముఖమంతా కారుతుంది. కడుక్కున్నాక తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, తడి కొంచెం ఉండగానే రాసుకోమనండి. ఈ రాత్రి దవడ కింద కొంచెం రాసి చూసుకోమనండి, పొద్దుటికి దురదా మంటా లేకపోతేనే ముఖానికి. పెచ్చులు ఒక్కరోజులో పోవు. గోటితో గిల్లవద్దని మాత్రం గట్టిగా చెప్పండి."

ముక్కు పక్కకు వెళ్లిన చేతిని అప్పలరాజు చప్పున దించేశాడు.

"రేపు దానికి ఇంటర్వ్యూ ఉందండీ" అన్నాడు, అడగకుండానే. "అందుకే ఇంత హడావిడి."

పెద్దాయన తువ్వాలు సర్దుకుని కౌంటరు మీదికి వంగాడు. "అమ్మా, మా ఆవిడ కాలి మడమలు పగిలిపోయున్నాయి. ఇదే పనికొస్తాదా?"

"దానికి వేరే ఉంది, ఇస్తాను. ముందు మీ చీటీ ఇటు ఇవ్వండి" అని, ఆమె ట్యూబును చిన్న కాగితం సంచిలో వేసి, అయిదు రూపాయల చిల్లరతో పాటు అప్పలరాజు చేతిలో పెట్టింది. అతను మెట్టు దిగబోతుండగా వెనకనుంచి పిలిచింది.

"బాబూ, రేపు గదిలోకి వెళ్లేటప్పుడు తల దించుకోవద్దని చెప్పండి, మీ చెల్లెలికి."

"చెబుతానండీ" అన్నాడు అప్పలరాజు.